‘కంటే’ ఎవరి పక్కన ఉంది? పద సమస్యను సమీకరణంగా మార్చే ఖాళీల చీటీ

ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు నా ఎదురుగా కూర్చుని ఈ లెక్క పైకి చదివాడు: ‘సీత దగ్గర ఉన్న పెన్సిళ్ల కంటే రవి దగ్గర 5 పెన్సిళ్లు ఎక్కువ ఉన్నాయి. రవి దగ్గర 18 ఉంటే సీత దగ్గర ఎన్ని?’ చదవడం పూర్తయ్యీ కాకముందే 18 + 5 = 23 అని రాసేశాడు. ఎందుకు కలిపావని అడిగాను. ‘ఎక్కువ అని ఉంది కదా సార్’ అన్నాడు.

వాడి మాటలో ఒక నిజం ఉంది. ఆ లెక్కలో కూడిక ఉంది, ‘ఎక్కువ’ అంటే కూడికే. కాకపోతే ఆ 5ని కలపాల్సింది రవి పెన్సిళ్లకు కాదు, సీత పెన్సిళ్లకు. సీత దగ్గర x ఉన్నాయనుకుంటే వాక్యం చెబుతున్నది ఇదీ: x + 5 = 18. ఆ తర్వాత జవాబు కోసం 18లోంచి 5 తీసేస్తాం, 13 వస్తుంది. తీసివేత వచ్చింది సమీకరణాన్ని సాధించేటప్పుడు. వాక్యాన్ని సమీకరణంగా రాసేటప్పుడు ఉన్నది కూడికే. ఈ రెండు పనులనూ ఒకే దెబ్బకు చేయబోయి వాడు తడబడ్డాడు.

పిల్లలు చాలామంది ఒక పట్టిక బట్టీ పట్టి ఉంటారు: ‘ఎక్కువ, కలిపి, మొత్తం’ అంటే కూడిక, ‘తక్కువ, మిగిలినవి, తేడా’ అంటే తీసివేత. నాకు ఈ పట్టిక మీద నమ్మకం లేదు. ఏ చిహ్నం వేయాలో అది చెబుతుంది కానీ ఆ చిహ్నం ఎవరి పక్కన వేయాలో చెప్పదు. లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ ఆ రెండో చోటే. అందుకే పట్టిక పక్కన పెట్టించి, ఖాళీలు పూరించే చీటీ ఒకటి చేతికిస్తాను. ఆ చీటీ చూసేముందు, తెలుగు వాక్యంలో సమీకరణం ఎలా దాగి ఉంటుందో ఒకసారి చూడాలి.

ముందు సమాన గుర్తు సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘ఈజ్’ అన్న మాట కనిపించిన చోట సమాన గుర్తు పెట్టమని నేర్పుతారు. ఆ సలహా తెలుగు లెక్కకు పనికిరాదు, ఎందుకంటే తెలుగులో ఆ మాటే లేదు. ‘రవి వయసు 12’ అంటాం. వాక్యం అయిపోయింది, క్రియ లేదు. సమాన గుర్తు ‘వయసు’కూ ‘12’కూ మధ్య ఉన్న చిన్న విరామంలో మౌనంగా ఉంది. పిల్లవాడి కంటికి అది కనబడదు. అందుకే వాక్యాన్ని పైకి చదివించి, గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో నిలువు గీత పెట్టమంటాను: ‘రవి వయసు | సీత వయసు కంటే 5 ఏళ్లు ఎక్కువ’. ఆ గీతే సమాన గుర్తు.

దానికి ఇంకో ఇల్లు కూడా ఉంది, ‘తే’ అనే ప్రత్యయం. ‘ఒక సంఖ్యకు 7 కలిపితే 31 వస్తుంది’ అన్నప్పుడు ‘కలిపితే’ దగ్గర ఎడమవైపు ముగుస్తుంది, ‘31’తో కుడివైపు మొదలవుతుంది. కలిపితే, తీసివేస్తే, రెట్టింపు చేస్తే, భాగిస్తే, అన్నీ ఇంతే. తర్వాత వచ్చే ‘వస్తుంది’, ‘అవుతుంది’ అనేవి ఆ గుర్తును ఖాయం చేసే మాటలు. అయితే ఇలాంటి వాక్యాలే చూసి చూసి, సమాన గుర్తు అంటే ‘జవాబు వస్తుంది’ అని పిల్లల్లో పాతుకుపోతుంది. ఆ గుర్తును 1557లో మొదటిసారి అచ్చులో వాడిన రాబర్ట్ రెకార్డ్ రెండు సమాంతర గీతలనే ఎంచుకోవడానికి కారణం వేరు. ఒకే పొడవున్న జంట గీతల కంటే సమానమైనవి ఇంకేముంటాయన్నది ఆయన వాదన. అంటే అటూ ఇటూ ఉన్నవి ఒకే సంఖ్యకు రెండు పేర్లు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చీటీలో ముఖ్యమైన ఖాళీ దీనిమీదే నిలబడి ఉంది.

ఇక చీటీ. ఐదు వరుసలు, ఇంతే:

1. x = ____________ (ఎవరిది, ఏమిటి, ఏ కొలతలో)
2. ____________ = ____________ (లెక్కలోని రెండో వస్తువు, x తో రాసి)
3. ఒకే సంఖ్యకు రెండు పేర్లు: ____________ , ____________
4. ____________ = ____________
5. x = ______ ; లెక్కలో పెట్టి చదివితే: ____________

మొదటి వరుసలో పిల్లలు ‘x = సీత’ అని రాస్తారు. నేను ఒప్పుకోను. సీత మనిషి, మనిషికి 5 కలపలేం. ‘x = సీత దగ్గర ఉన్న పెన్సిళ్ల సంఖ్య’ అని పూర్తిగా రాయించాలి. చాదస్తంలా కనిపించినా ఈ పట్టుదల ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రెండో వరుస దగ్గరే అసలు పని. ఇక్కడ తెలుగు మనకు ఒక మేలు చేస్తుంది. ‘సీత కంటే రవి 5 ఏళ్లు పెద్ద’ అన్నా, ‘రవి సీత కంటే 5 ఏళ్లు పెద్ద’ అన్నా అర్థం ఒకటే. తెలుగులో మాటల వరుస అటూ ఇటూ మారినా అర్థం చెదరదు, ఎందుకంటే ఎవరి పాత్ర ఏమిటో వాళ్ల వెనక తగిలిన ముక్క చెబుతుంది. కాబట్టి వాక్యంలో ముందు ఎవరొచ్చారని చూడకూడదు, ‘కంటే’ ఎవరికి తగిలిందో చూడాలి. ‘కంటే’ తగిలింది కొలబద్ద. దాని పక్కన ఇంకోదాన్ని నిలబెట్టి కొలుస్తున్నాం. కలిపినా తీసేసినా కొలబద్దకే చేస్తాం. ‘కంటే’ లేనిది సమాన గుర్తుకు అవతల ఒంటరిగా నిలబడుతుంది.

సీతకు ‘కంటే’ తగిలింది, కాబట్టి సీత వైపు + 5. రవి ఒంటరి. రవి వయసు = సీత వయసు + 5. పై అబ్బాయి చేత ‘కంటే’ చుట్టూ సున్నా చుట్టించి, దాని ముందున్న మాట కింద గీత గీయించాను. ‘ఓ, సీతకా కలపాల్సింది’ అన్నాడు. అంతకుమించి నేను చెప్పింది లేదు.

ఇదే పద్ధతి మిగతా ముక్కలకూ పనిచేస్తుంది. ‘లోంచి’ లేదా ‘నుండి’ తగిలినది తీసివేతలో ముందు నిలబడుతుంది. ‘ఒక సంఖ్యను 12 లోంచి తీసేస్తే’ అన్నప్పుడు చెవిన ముందు పడేది ‘ఒక సంఖ్య’. అందుకని x − 12 రాస్తారు. కానీ ‘లోంచి’ 12కు తగిలింది, కాబట్టి 12 − x. ‘రెట్లు’ వచ్చినప్పుడు చూడాల్సింది ‘కు’. ‘రవి వయసు సీత వయసుకు 3 రెట్లు’ అంటే ‘కు’ ఉన్నది సీత వయసుకు, గుణించాల్సిందీ సీత వయసునే.

‘రెట్లు’ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ పిల్లలే కాదు పెద్దలూ పడతారు. 1981లో జాన్ క్లెమెంట్, జాక్ లాక్‌హెడ్, జార్జ్ మంక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చిన ఫలితాలు ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల సంఖ్యకు 6 రెట్లు విద్యార్థులున్నారు, విద్యార్థుల సంఖ్యను S, ప్రొఫెసర్ల సంఖ్యను P అనుకుని దాన్ని సమీకరణంగా రాయమన్నారు. మూడింట ఒక వంతుకు పైగా తప్పు రాశారు. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం 6S = P. రాయాల్సింది S = 6P.

ఈ తిరగబడటం ఎందుకు జరుగుతుంది? ‘ఒక ప్రొఫెసర్‌కు ఆరుగురు విద్యార్థులు’ అని మనసులో బొమ్మ కడతాం, ఆ బొమ్మను ఉన్నదున్నట్టు కాగితం మీద దింపేస్తాం: 6S ఒకవైపు, P ఒకవైపు. అక్కడ S అంటే వాళ్లకు సంఖ్య కాదు, విద్యార్థి అనే మనిషి. ‘x = సీత’ అని రాస్తే నేను ఒప్పుకోనిది ఇందుకే. అక్షరం మనిషికి పొట్టి పేరైపోతే సమీకరణం బొమ్మైపోతుంది. అక్షరం సంఖ్య అయినప్పుడు మాత్రం 6S = P తనకు తానే అబద్ధమని చెబుతుంది. ప్రొఫెసర్లు 10 మంది, విద్యార్థులు 60 మంది అనుకుని పెట్టి చూడండి: 6 × 60 = 360, అటువైపు 10. కుదరలేదు. 60 = 6 × 10 కుదురుతుంది.

రెండో వరుస రాసిన ప్రతిసారీ ఈ పరీక్ష పెట్టాలి. వాక్యానికి సరిపడే రెండు చిన్న సంఖ్యలు నోటితో అనుకుని, రాసిన దాంట్లో పెట్టి చూడటం. అర నిమిషం పని. ‘ఎక్కువ ఉన్నది ఏది?’ అని అడగడం ఇంకా సులువు. విద్యార్థులే ఎక్కువైనప్పుడు వాళ్లనే మళ్లీ 6తో గుణిస్తే తూకం ఎలా కుదురుతుంది?

‘3 రెట్లు ఎక్కువ’ అనే మాట ఒకటుంది. కొందరు 3x అంటారు, కొందరు x + 3x అంటారు. పాఠ్యపుస్తకాల లెక్కల్లో మామూలుగా 3x అనే ఉద్దేశంతో రాస్తారు. నేనైతే లెక్క రాసేటప్పుడు ఆ ‘ఎక్కువ’ తీసేసి ‘3 రెట్లు’ అనే రాస్తాను. పిల్లలను ఆ గందరగోళంలోకి లాగడం అనవసరం.

ఇప్పుడు చీటీ మొత్తం నింపుదాం. వయసు లెక్క తీసుకుంటాను, ఎందుకంటే చీటీలో ఏ ఖాళీ తప్పినా ఈ లెక్క జవాబు దగ్గర పట్టిస్తుంది.

‘తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 6 ఏళ్ల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకు 3 రెట్లు అవుతుంది. ఇప్పుడు వాళ్ల వయసులు ఎంత?’

మొదటి వరుస: x = కొడుకు ఇప్పటి వయసు, ఏళ్లలో. ‘ఇప్పటి’ అనే మాట వదిలేయకూడదు. x గా తండ్రి వయసును తీసుకోకూడదా అని పిల్లలు అడుగుతారు. తీసుకోవచ్చు, కానీ కొడుకు వయసు x/4 అయి భిన్నం నెత్తిన పడుతుంది. ‘కు’ గానీ ‘కంటే’ గానీ తగిలినదాన్ని, అంటే కొలబద్దను, x అనుకుంటే సాధారణంగా పని తేలిక.

రెండో వరుస: ‘కు’ కొడుకు వయసుకు తగిలింది. తండ్రి ఇప్పటి వయసు = 4x. ఈ లెక్కలో ఇప్పుడు, తర్వాత అని రెండు కాలాలున్నాయి కాబట్టి రెండో వరుస కింద ఇంకో వరుస చేర్చుకోవాలి: 6 ఏళ్ల తర్వాత కొడుకు వయసు = x + 6, తండ్రి వయసు = 4x + 6. ఇద్దరికీ ఆరేసి ఏళ్లు గడుస్తాయి.

మూడో వరుస, ఒకే సంఖ్యకు రెండు పేర్లు. ఏ సంఖ్యకు? ‘6 ఏళ్ల తర్వాత తండ్రి వయసు’కు. మొదటి పేరు మనం ఇప్పుడే రాసిన 4x + 6. రెండో పేరు లెక్కలోని రెండో వాక్యం ఇస్తోంది: అప్పటి కొడుకు వయసుకు 3 రెట్లు. అప్పటి కొడుకు వయసు x + 6, అదంతా కలిపి ఒక్క సంఖ్య. ఆ మొత్తాన్ని మూడింతలు చేయాలి కాబట్టి కుండలీకరణాల్లో పెట్టి 3(x + 6).

నాలుగో వరుస: 4x + 6 = 3(x + 6). అంటే 4x + 6 = 3x + 18, x = 12.

ఐదో వరుస: కొడుకుకు 12, తండ్రికి 48. నాలుగు రెట్లు, నిజమే. 6 ఏళ్ల తర్వాత 18, 54. మూడు రెట్లు, అదీ నిజమే. గమనించండి, సరిచూసుకుంటున్నది సమీకరణంలో కాదు, లెక్కలోని వాక్యాల్లో. సమీకరణమే తప్పుగా రాసుంటే, జవాబును అందులో పెట్టి చూస్తే తప్పు సమీకరణానికి సరైన జవాబు అనే తేలుతుంది. ఐదో వరుసలో ‘లెక్కలో పెట్టి చదివితే’ అని రాసింది అందుకే.

ఇదే లెక్కను తప్పుగా చేసినప్పుడు ఏం వస్తుందో చూడండి, ఎక్కడ జారామో జవాబే చెబుతుంది. కుండలీకరణాలు మరచి 4x + 6 = 3x + 6 అని రాస్తే x = 0 వస్తుంది. అప్పుడే పుట్టిన కొడుకు, అప్పుడే పుట్టిన తండ్రి! తండ్రికి మాత్రమే 6 కలిపి 4x + 6 = 3x అని రాస్తే x = −6, అసలు పుట్టనే లేదు. ఈ రెండూ అసాధ్యమని పిల్లలు వెంటనే పట్టేస్తారు. మూడో తప్పు ప్రమాదకరం: కొడుకుకు మాత్రమే 6 కలిపి 4x = 3(x + 6) అంటే x = 18, తండ్రికి 72. చూడ్డానికి మామూలు వయసుల్లాగే ఉన్నాయి, మొదటి వాక్యానికీ సరిపోతాయి. రెండో వాక్యం చదివితేనే దొరుకుతుంది: 6 ఏళ్ల తర్వాత 24, 78. మూడు రెట్లంటే 72 కావాలి. ఐదో వరుసను సగంలో ఆపి ‘వచ్చేసింది’ అనేసే పిల్లలు ఈ తప్పును ఎప్పటికీ చూడరు.

కుండలీకరణాలు ఎప్పుడు కావాలో చెప్పడానికి నేను వాడేది ఒకే ప్రశ్న: ‘రెట్లు’ అనే ముందు ‘కు’ దేనికి తగిలింది? ‘ఒక సంఖ్యకు 3 రెట్లు చేసి 5 కలిపితే’ అంటే ‘కు’ ఒక్క సంఖ్యకే, కాబట్టి 3x + 5. ‘ఒక సంఖ్య, 5ల మొత్తానికి 3 రెట్లు’ అంటే ‘కి’ మొత్తానికి తగిలింది, కాబట్టి 3(x + 5).

చీటీకి హద్దు ఉంది, అది మూడో వరుసలోనే తెలుస్తుంది. కొన్ని లెక్కల్లో రెండో పేరు లెక్కలో ఎక్కడా ఉండదు. ‘ఒక దీర్ఘచతురస్రం పొడవు దాని వెడల్పుకు 2 రెట్ల కంటే 3 సెం.మీ. తక్కువ. చుట్టుకొలత 42 సెం.మీ.’ అన్నారనుకోండి. వెడల్పు x. ‘కంటే’ తగిలింది ‘2 రెట్ల’కు, కాబట్టి పొడవు 2x − 3. చుట్టుకొలతకు ఒక పేరు 42. రెండో పేరు? పొడవు వెడల్పుల మొత్తానికి రెట్టింపు అన్న సంగతి వాక్యాల్లో లేదు, పిల్లవాడు తన తలలోంచి తీసుకురావాలి: 2(x + 2x − 3) = 42. అంటే 3x − 3 = 21, x = 8, పొడవు 13. ఇలాంటి లెక్క దగ్గర పిల్లవాడు ఆగిపోతే వాడికి రానిది సమీకరణం రాయడం కాదు, చుట్టుకొలత. మూడో వరుస ఖాళీగా ఉండిపోయిందంటే ‘నీకు ఈ లెక్కలో ఇవ్వనిది ఏం కావాలి?’ అని అడగాలి. మళ్లీ వాక్యం చదవమనడం వృథా.

చీటీని ఎల్లకాలం వాడించను. ముందు ఐదో వరుస నోటితో చెప్పిస్తాను, తర్వాత రెండో వరుస మనసులో అనుకోమంటాను. చివరిదాకా కాగితం మీద ఉండాల్సినవి మొదటి వరుస, నాలుగో వరుస. ‘x = ’ పక్కన పూర్తి మాట రాయడం మానేసిన రోజు పాత తప్పులు తిరిగొస్తాయి, అది చాలాసార్లు చూశాను.

పెన్సిళ్ల లెక్క తప్పిన అబ్బాయికి కొన్ని రోజుల తర్వాత పని తిరగేసి ఇచ్చాను. 2x + 7 = 25 అని రాసి, దీనికి వాక్యం నువ్వే చెప్పమన్నాను. ‘ఒక సంఖ్యకు 7 కలిపి, వచ్చిన దానికి 2 రెట్లు చేస్తే 25 వస్తుంది’ అని రాశాడు. నేనేమీ అనలేదు. వాడే సమీకరణం సాధించి, 9 అని తెలుసుకుని, తన వాక్యంలో పెట్టి పైకి చదివాడు: తొమ్మిదికి ఏడు కలిపితే పదహారు, దానికి రెండు రెట్లు ముప్పై రెండు. ఒక్క క్షణం ఆగి, రబ్బరు తీసుకుని ‘7 కలిపి, వచ్చిన దానికి 2 రెట్లు చేస్తే’ అన్నంతవరకు చెరిపేసి, ఆ జాగాలో ‘2 రెట్లు చేసి, వచ్చిన దానికి 7 కలిపితే’ అని రాశాడు.